నీళ్లు పట్టినా నిండని మెషీన్
బాల్కనీలో కొత్త ఫ్రంట్‌లోడ్ మెషీన్ పెట్టారు. కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తున్నాయి, స్టాండు కదలడం లేదు. అయినా ఎంతసేపైనా మెషీన్ నిండదు!

చాలాసార్లు తప్పు వెనకున్న డ్రెయిన్ పైపుది. దాన్ని నేరుగా నేలమీది జాలీలోకి దించేసి ఉంటారు. పైపు కొస డ్రమ్ములోని నీటిమట్టం కంటే కిందికి ఉంటే, ఒకసారి పారడం మొదలైన నీరు ఆగదు. వచ్చింది వచ్చినట్టే పోతుంది. మెషీన్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ కొక్కెంతో పైపును సాధారణంగా 60–100 సెంటీమీటర్ల ఎత్తుకు లేపి వంచాలి. స్టాండు ఉంటే ఆ ఎత్తు మెషీన్ అడుగు నుంచి కొలవాలి. నిలువు గొట్టంలో దూర్చినప్పుడు చుట్టూ టేపు బిగించొద్దు, గాలి ఆడాలి.

పంపు లేని టాప్‌లోడ్‌కి లెక్క తలకిందులు. అక్కడ పైపు కిందికే వాలాలి, లేపితే మురికినీరు లోపలే నిలుస్తుంది. మీ మెషీన్‌కి పంపు ఉందో లేదో మాన్యువల్‌లో చూశాకే ప్లంబర్‌ని పిలవండి.