రెండు కాగితాలకు ఒకటే నంబరు

సైటు ఇంజినీరు ఫోన్ చేసి అడిగింది చిన్న సంగతే. "మా బిల్లుకు పెట్టిన 140 నంబరు రిపోర్టుకు నకలు కావాలి." నేను రిజిస్టరు తెరిచి చూస్తే 140 దగ్గర వేరే కాంట్రాక్టరు పేరుంది. ఆయన చేతిలోని కాగితం మీద మాత్రం 140 అనే ఉంది, కింద మా సంతకం ఉంది.

అప్పుడు నేను కాంక్రీటు దిమ్మెలను పరీక్షించే ఒక ల్యాబులో జూనియర్ క్లర్కుని. దిమ్మె ఎంత బరువుకు పగిలిందో చెప్పే ఆ కాగితం లేకపోతే కాంట్రాక్టరు బిల్లు కదలదు. ఏ కాగితం ఏ దిమ్మెదో చెప్పేది దాని మీది నంబరే.

మా రిజిస్టరు ఎక్సెల్‌లో ఉండేది. ఎవరూ నంబరు టైపు చేయనక్కర లేకుండా మొదటి గడిలో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగారు:

```
=ROW()-1
```

ఈ గడి పైనుంచి ఎన్నో వరుసలో ఉందో చూసి, శీర్షిక వరుసను తీసేసి చూపించు అని దీని అర్థం. అంటే అది రిపోర్టు నంబరు కాదు, ఆ రిపోర్టు ప్రస్తుతం కూర్చున్న చోటు. మధ్యలో ఒక వరుస తీసేస్తే కిందివన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, నంబర్లూ మారిపోతాయి. పేర్ల వారీగా సార్ట్ చేసినా అంతే. ఎక్సెల్ ఎర్రర్ చూపించదు, వరుస ఎక్కడా తెగదు. కాగితం పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా కనబడదు.

ఎక్కడ తప్పిందో వెతకడానికి ఆఫీసు కాపీల ఫైలు ముందేసుకున్నాను. 80 సరిపోయింది, 120 సరిపోలేదు. మధ్యలో 100 తీశాను, సరిపోయింది. 110 కూడా. 115 తప్పింది. అలా తగ్గించుకుంటూ వస్తే 111 దాకా బాగుంది, 113 నుంచి చెడింది. 112కు ఫైల్లో కాగితమే లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పార్టీ వద్దనుకున్న పరీక్ష అది. ముందు వారం ఆ వరుసను తొలగించింది నేనే.

అప్పటికి 164 దాకా రిపోర్టులు వెళ్లిపోయాయి. నేను వరుస తీసేయగానే చివరిది 163 అయింది, ఆ తర్వాత చేసిన రిపోర్టుకు మళ్లీ 164 పడింది. దాని వెనుక 165, 166 కూడా బయటకు వెళ్లాయి.

112ను తిరిగి చేర్చితే చాలనిపించింది. కానీ అలా చేస్తే కొత్త మూడూ 165, 166, 167 అవుతాయి, మూడు కాగితాలూ వెనక్కి తెప్పించాలి. కాగితాలనే లెక్కలోకి తీసుకుంటే బయట రెండుసార్లు పడిన నంబరు ఒక్క 164 మాత్రమే. అంటే మార్చాల్సింది ఒక్క కాగితం. మేనేజరు గారికి ఇలా నోట్ పెట్టాను:

"సార్, రిపోర్టు రిజిస్టరులో 113 నుంచి నంబర్లు ఒక్కొక్కటి తగ్గాయి. రద్దయిన 112 వరుసను నేను తొలగించడమే కారణం. నంబర్లు ఫార్ములాతో వస్తున్నందున కిందివన్నీ జరిగాయి. దానివల్ల 164 నంబరుతో రెండు రిపోర్టులు బయట ఉన్నాయి. ఆఫీసు కాపీలన్నీ సరిచూశాను, వేరే ఏ నంబరూ రెండుసార్లు పడలేదు. పరీక్ష ఫలితాలు మారలేదు. రిజిస్టరును కాగితాల ప్రకారం సరిచేశాను. రెండో 164ను వెనక్కి తీసుకుని 167గా ఇవ్వడానికి మీ అనుమతి, సంతకం కావాలి."

మొదటి ప్రతిలో "సాంకేతిక కారణాల వల్ల" అని రాశాను. పక్క సీటు సీనియర్ గారు దాన్ని కొట్టేసి, "ఎవరు ఏం చేశారో రాయి, ఆయన అడిగేది అదే" అన్నారు. నిజమే. పరీక్ష ఫలితాలు మారలేదన్న వాక్యం చేర్చమన్నదీ ఆయనే. నంబరు తప్పిందంటే మేనేజరు మనసు ముందు పోయేది ఫలితాల మీదికే.

రిజిస్టరులో ఫార్ములాలు తీసేసి, కాగితం మీదున్న నంబర్లనే టైపు చేశాను. 112 వరుస తిరిగి వచ్చింది, ఎదురుగా "రద్దు" అని రాశాను. ఇక వరుసలు తొలగించడం లేదు. తర్వాతి నంబరు ఎంతో చూసుకోవడానికి పక్కన వేరే గడిలో ఇది పెట్టాను:

```
=MAX(A:A)+1
```

దీన్ని A నిలువు వరుసలోనే రాస్తే తనను తానే లెక్కపెట్టుకోబోయి చిక్కుపడుతుంది. ఒకే నంబరు రెండుసార్లు పడకుండా నంబర్ల గడులకు డేటా వ్యాలిడేషన్‌లో ఇది కట్టాను:

```
=COUNTIF(A:A,A2)=1
```

చేత్తో టైపు చేస్తే ఇది అడ్డుకుంటుంది. వేరే చోటనుంచి కాపీ చేసి అతికిస్తే పట్టుకోదు. అందుకని రిపోర్టు మీద సంతకానికి ముందు రిజిస్టరుతో ఒకసారి కళ్లతో చూసుకోవడం అలవాటు చేసుకున్నాం.

రెండో 164 తీసుకున్న పార్టీ మూడో రోజు వచ్చారు. పాత కాగితం తీసుకుని 167 ఇచ్చాను. 167 అడుగున "ఇది రెండో 164కు బదులుగా ఇచ్చినది" అని ఉంది. పాతదాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి "రద్దు" అని రాసి, 167 ఆఫీసు కాపీ వెనక పిన్ను కొట్టాను.