లింక్డ్ఇన్‌లో మొదటి మూడు వందల మంది

లింక్డ్ఇన్‌లో కొత్తగా ఖాతా తెరిచినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఎవరిని పిలవాలన్నది. పేరు, ఉద్యోగం నింపీ నింపకముందే ‘మీకు తెలిసి ఉండవచ్చు’ అంటూ పదుల కొద్దీ ముఖాలు తెర మీదికి వస్తాయి. ఒక్కో ముఖం కింద Connect అనే బటన్. వరసగా నొక్కుకుంటూ పోతే వారం తిరక్కుండానే వందమంది చేరతారు గానీ, ఆ వందలో పనికొచ్చేవారు తక్కువగానే ఉంటారు. ముందు ఎవరు చేరారన్నదాన్ని బట్టే తర్వాత ఎవరు కనబడతారన్నది నడుస్తుంది కాబట్టి, ఇక్కడ సంఖ్య కన్నా వరస ముఖ్యం.

లింక్డ్ఇన్ లెక్క ఇలా ఉంటుంది. నేరుగా కలిసినవారు మొదటి వలయం, వారి పరిచయస్తులు రెండోది, వారికి తెలిసినవారు మూడోది. వెతుకులాటలో పైకి వచ్చే పేర్లు, సూచనలుగా కనబడే ముఖాలు చాలావరకు ఈ వలయాలను బట్టే వస్తాయి. ఎవరికైనా ఆహ్వానం పంపితే, ఇద్దరికీ తెలిసినవారి పేర్లు అవతలి మనిషికి కనిపిస్తాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఆహ్వానాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు చాలామంది ముందు చూసేది ఆ పేర్లనే. ఖాళీ ఖాతాతో పెద్ద కంపెనీ మేనేజరుకు ఆహ్వానం పంపితే అక్కడ చూపడానికి ఒక్క పేరూ ఉండదు.

కాకినాడలో బీకామ్ చదివి, రెండేళ్లుగా ఒక ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నులు చూస్తున్న అమ్మాయి ఉందనుకుందాం. హైదరాబాద్‌లోని విదేశీ కంపెనీల ఆఫీసుల్లో వెండర్లకు బిల్లులు చెల్లించే విభాగాల్లో ఉద్యోగం ఆమె లక్ష్యం. ఎవరినైనా పిలిచే ముందు తన పేజీలో ఫొటో, చేస్తున్న పని గురించి రెండు మూడు తేట వాక్యాలు, కాలేజీ పేరు, చదివిన సంవత్సరాలు ఉండాలి. ఇవి లేకపోతే క్లాసులో పక్కన కూర్చున్న స్నేహితురాలు కూడా ఈమె ఎవరో పోల్చుకోలేదు.

మొదటి యాభై, అరవై మంది ముఖపరిచయం ఉన్నవారే కావాలి. బీకామ్ క్లాసువాళ్లు, పాఠం చెప్పిన లెక్చరర్లు, ఆడిటర్ ఆఫీసులో ఇప్పుడున్నవారు, అక్కడ ఆర్టికల్‌షిప్ చేసి వెళ్లిపోయినవారు ఈ గుంపులోకి వస్తారు. వీళ్లు ఆహ్వానాన్ని ఒప్పుకుంటారన్న సందేహం దాదాపు ఉండదు. ఫోన్‌లోని నంబర్ల జాబితా మొత్తాన్ని లింక్డ్ఇన్‌కు అప్పగించే దగ్గరి దారి కూడా ఉంది కానీ, దాని జోలికి పోకపోవడమే మంచిది. పాలవాడి నుంచి పాత ఇంటి ఓనరు దాకా అందరికీ ఒకేసారి ఆహ్వానాలు వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఖాతాదారుల పేరు మీద వారి పరిచయస్తులకు పదేపదే గుర్తుచేసే ఈమెయిళ్లు పంపిందన్న దావాలో, 2015లో లింక్డ్ఇన్ అమెరికాలో 1.3 కోట్ల డాలర్లకు రాజీ పడాల్సి వచ్చింది కూడా.

అయితే క్లాసువాళ్ల దగ్గరే ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు. అరవైమంది క్లాస్‌మేట్లు ఉంటే వారి పరిచయాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. అరవయ్యో స్నేహితురాలు చేరినా రెండో వలయంలోకి కొత్తవారు వచ్చేది అంతంత మాత్రమే. అదే ఆడిటర్ దగ్గరికి ఫైళ్లు తెచ్చే ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ అకౌంటెంటు చేరితే, ఈమెకు ఏమాత్రం తెలియని ఒక లోకం తెరుచుకుంటుంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ సంగతి చెప్పాడు. దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే, కొత్త కబురు కాస్త దూరపు పరిచయం నుంచి వస్తుందని ఆయన వాదన. దాదాపు 2 కోట్లమంది లింక్డ్ఇన్ వాడకందార్ల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. అవి దీన్ని కొంత సవరించాయి. ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడినది మరీ దగ్గరివారూ కాదు, ఏ సంబంధమూ లేనివారూ కాదు. ఉమ్మడి పరిచయస్తులు పదిమంది వరకు ఉన్న మధ్యస్థపు పరిచయాలు.

కాబట్టి రెండో విడతలో పిలవవలసినది కాలేజీ సీనియర్లను. కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. అక్కడ ఊరు, కంపెనీ, చేసే పని వారీగా జల్లెడ పట్టవచ్చు. హైదరాబాద్, అకౌంటింగ్ అని ఎంచుకుంటే వచ్చే పేర్లలో ఈమె కన్నా మూడు నుంచి ఎనిమిదేళ్లు ముందు చదివినవారిని ముందు పలకరించాలి. ఇరవై ఏళ్ల సీనియరు పెద్ద హోదాలో ఉండవచ్చు కానీ, కింది ఉద్యోగానికి మనుషుల్ని ఎలా తీసుకుంటున్నారో ఆయన కన్నా నాలుగేళ్ల సీనియరుకే బాగా తెలుస్తుంది.

వీరికి పంపే ఆహ్వానంతో చిన్న మాట జతచేయాలి. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని మాటలే పంపే వీలుంటుంది గనుక వాటిని క్లాసువాళ్ల మీద ఖర్చు చేయకూడదు. ‘నమస్తే అక్కా, నేను మన కాలేజీ బీకామ్ 2022 బ్యాచ్. కాకినాడలో ఆడిటర్ గారి దగ్గర జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను. మీరు చేసే వెండర్ పేమెంట్ల పనిలోకి రావాలని ఉంది’ అంటే చాలు. ఉద్యోగం ఇప్పించమని మొదటి మాటలోనే అడిగితే జవాబు రాకపోవడమే కాదు, ఆహ్వానమూ అలాగే పడి ఉంటుంది.

నూట యాభై దాటాక మూడో విడత. చేరాలనుకున్న నాలుగైదు కంపెనీల పేర్లతో వెతికి, ఆ విభాగంలో పనిచేస్తూ ఉమ్మడి పరిచయస్తులు ముగ్గురు నలుగురైనా ఉన్నవారిని ఎంచుకోవాలి. రిక్రూటర్ల వంతు ఆ తర్వాతే. వాళ్లకు రోజూ ఆహ్వానాలు వస్తుంటాయి. తమ కంపెనీలోనే పదిమంది ఈమెకు తెలుసని కనబడితే ఆ పేజీ తెరిచి చూసే అవకాశం పెరుగుతుంది. పేరున్న వక్తలు, కంపెనీ అధిపతులను Connect చేయాల్సిన పనే లేదు. వారి రాతలు చదవడానికి Follow నొక్కితే సరిపోతుంది.

వరస సరిగా ఉందో లేదో పంపిన ఆహ్వానాల జాబితాలో తెలుస్తుంది. రెండు వారాలు గడిచినా సగానికి సగం జవాబు లేకుండా ఉంటే, తొందరపడి బయటి వలయంలోకి దూకినట్టే. అప్పుడు కొత్తవి ఆపి, మళ్లీ సీనియర్ల దగ్గరికి రావాలి. అవతలివారు తమకు ఈ మనిషి తెలియదని గుర్తుపెట్టడం పదేపదే జరిగితే ఖాతా మీద ఆంక్షలు పడవచ్చు. వారానికి పంపగలిగే ఆహ్వానాలకూ హద్దు ఉంది, అది సుమారు వంద అని వాడేవారి అనుభవం. రోజుకు ఐదారు పంపుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో మూడు వందలు పూర్తవుతాయి. నెల దాటినా కదలని ఆహ్వానాలను వెనక్కి తీసుకోవచ్చు. అయితే అదే మనిషికి మళ్లీ పంపాలంటే మూడు వారాల వరకు ఆగాలి.

పేజీ కాస్త నిండాక ఎవరెవరో తామే ఆహ్వానాలు పంపడం మొదలుపెడతారు. ఉమ్మడి పరిచయస్తులు ఒక్కరూ లేకుండా, పేజీలో పని వివరాలు లేకుండా, చేరీ చేరగానే ఉద్యోగం ఉందంటూ రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవారిని తొలగించి, ఆ ఖాతా మీద ఫిర్యాదు చేసే వీలు వారి పేజీలోనే ఉంటుంది.