లింక్డ్‌ఇన్‌లో మీ మంచి పని ముందుగా కనపడాలంటే...

బళ్లారిలోని తెలుగు కుటుంబాల్లో జీన్స్ కుట్టు యూనిట్ల మీద ఆధారపడినవి చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టి, ప్యాటర్న్ డిజైన్ నేర్చుకున్న స్వాతి అనే అమ్మాయి బెంగళూరు కంపెనీలకు దరఖాస్తు పెడుతోంది అనుకుందాం. రెజ్యూమెలోని లింకు నొక్కి ఆమె ప్రొఫైల్ తెరిచినవారికి పని వెంటనే కనపడాలి. అందుకు మూడుచోట్ల మార్పు చేస్తే చాలు.

మొదటిది లింకు. అకౌంట్ తెరవగానే లింక్డ్‌ఇన్ ఇచ్చే లింకులో తరచుగా పేరు చివర అంకెలు, అక్షరాలు కలగాపులగంగా ఉంటాయి. కంప్యూటర్‌లో ప్రొఫైల్ తెరిచి, కుడివైపున్న Public profile & URL దగ్గర పెన్సిల్ గుర్తు నొక్కితే దాన్ని మార్చుకోవచ్చు. ఖాళీలు పనికిరావు. సర్టిఫికెట్లో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంటే లింకులోనూ రెజ్యూమెలోనూ పేరును ఒకేలా రాయండి. స్వాతి ఇలా పెట్టుకుంది:

```
linkedin.com/in/swathipatterns
```

మార్చిన వెంటనే రెజ్యూమెలో, ఈమెయిల్ సంతకంలో ఉన్న పాత లింకును కూడా మార్చాలి. లింకును మాటిమాటికీ మార్చడం మంచిది కాదు.

రెండోది పైన ఉండే బ్యానర్. దాని కొలత 1584 × 396 పిక్సెళ్లు, అంటే ఎత్తుకు నాలుగింతల వెడల్పు. నిలువుగా తీసిన ఫోటో పెడితే పైన, కింద తెగిపోతుంది. ఎడమవైపు కింది భాగాన్ని మీ ముఖం ఫోటో కప్పేస్తుంది కాబట్టి అక్కడ అక్షరాలు పెట్టకండి. స్వాతి కటింగ్ టేబుల్ మీద పరిచిన ప్యాటర్న్ ఫోటో పెట్టి, కుడివైపున "జీన్స్ ప్యాటర్న్ డిజైనర్, బళ్లారి" అని ఇంగ్లిషులో రాసింది. సేవ్ చేశాక ఫోన్‌లో కూడా చూడండి. అక్షరాలు చదవలేకపోతే పెద్దవి చేయాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది Featured విభాగం. Add profile section నొక్కి, Recommended కింద Add featured ఎంచుకుంటే పోస్టు, లింకు, ఫోటో లేదా పీడీఎఫ్ చేర్చవచ్చు. ఫోన్‌లో ఈ కార్డులు పక్కకు జరుపుతూ చూడాలి. అందువల్ల మొదటి కార్డు ఏదన్నదే అసలు ప్రశ్న. కాలేజీ సర్టిఫికెట్ ముందుంటే పని వెనక్కిపోతుంది. స్వాతి ఒకే ప్యాంటు గీత దశ నుంచి కుట్టు పూర్తయ్యేదాకా నాలుగు పేజీల పీడీఎఫ్‌గా చేసి ముందు పెట్టింది. సర్టిఫికెట్‌ను చివరికి జరిపింది. పెన్సిల్ గుర్తు నొక్కితే వరుస మార్చుకునే వీలుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. యూనిట్ యజమాని ఇంకా మార్కెట్లోకి విడుదల చేయని డిజైన్‌ను ఆయన అనుమతి లేకుండా పెట్టకూడదు. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి పరీక్షించండి. అది అనుమతి అడిగితే, చూడవచ్చినవారికీ తలుపు మూసినట్టే. డ్రైవ్‌లో ఆ ఫైలును లింకు ఉన్న అందరూ చూడగలిగేలా మార్చాకే ప్రొఫైల్‌లో ఉంచండి.