పెద్దక్షరాలు లేని లిపిలో స్క్రీన్‌ప్లే

ఇంగ్లీషు స్క్రీన్‌ప్లేలో మాట్లాడే పాత్ర పేరు పెద్దక్షరాల్లో, విడిగా ఒక వరుసలో ఉంటుంది. Fountain అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ కూడా పాత్రను ఆ పెద్దక్షరాలతోనే గుర్తుపడుతుంది. మన లిపిలో అవి లేవు. అందుకే SUJATHA కాస్తా ‘సుజాత’ అవగానే ఆ పేరూ, ఆమె మాటా కలిసి మామూలు వర్ణనగా మారిపోతాయి. సంభాషణ పేజీ మధ్యలో కాకుండా ఎడమ అంచుకు అతుక్కుని కనిపిస్తే జరిగింది ఇదే. పేరు ముందు @ పెడితే సరిపోతుంది.

```
INT. సుజాత ఇల్లు - రాత్రి #24#

@సుజాత
(గుమ్మంలో ఆగి)
నాన్నా, అన్నం తినకుండానే పడుకున్నావా?
```

ఇక్కడ INT. ను నేను కావాలనే తెలుగు చేయలేదు. ఇది సీను శీర్షిక అని ప్రోగ్రామ్‌కు తెలిసేది దానివల్లే. చోటు, వేళ మాత్రం తెలుగులోకి వస్తాయి. ఇంగ్లీషు ప్రతిలో 24వ సీను తెలుగులోనూ 24వదే కావాలి.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఒక సీనులో ‘లక్ష్మి’, మరో సీనులో ‘లక్ష్మీ’ అని రాస్తే పాత్రల జాబితాలో ఇద్దరు ఆడవాళ్లు తేలతారు. డేట్లు చూసే మేనేజరు లక్ష్మి సీన్లు లెక్కపెడితే సగమే దొరుకుతాయి. అనువాదం మొదలుపెట్టకముందే పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ అందులోంచే కాపీ చేయాలి.

పేజీకి ఒక నిమిషం అనే లెక్క 12 పాయింట్ల కొరియర్ అక్షరాలది. తెలుగు ఫాంటులో అది నిలవదు. నిడివిని ఇంగ్లీషు ప్రతిలోనే చూడండి.