బల్బు ఎప్పుడు వెలుగుతుంది?

ఒక బ్యాటరీ, స్విచ్, దానికి మీటరు దూరంలో బల్బు. కానీ వాటిని కలిపే రెండు తీగలు ఒక్కొక్కటి 3 లక్షల కిలోమీటర్ల పొడవు. చంద్రుడి వైపు దాదాపు సగం దూరం వెళ్లి తిరిగొస్తాయి. స్విచ్ వేశాక బల్బు వెలగడానికి ఎంతసేపు పడుతుంది? అర సెకనా, ఒక సెకనా, రెండు సెకన్లా, లేక రెప్పపాటు కన్నా తక్కువా?

వెరిటాసియం ఛానల్ డెరెక్ ముల్లర్ 2021లో విద్యుత్తు మీద చేసిన వీడియో ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఏదో ఒక జవాబు ఎంచుకోమని చెప్పి, అసలు జవాబు దాచేసి ఆయన ముందుకెళ్లిపోతాడు. పావుగంట వీడియోలో అది చివరి భాగంలో గానీ బయటపడదు. వీడియోలు తీసేవాళ్లు దీన్ని ఓపెన్ లూప్ అంటారు. ఇక్కడ అసలు కిటుకు ప్రశ్నలో లేదు, ఎంచుకోమనడంలో ఉంది. 'ఒక సెకను' అని మనసులో అనుకున్నవాడు పందెం కాసినట్టే. ఫలితం చూడకుండా లేవబుద్ధి కాదు.

అయినా ఒక్క ప్రశ్న పావుగంట మోయలేదు. అందుకే మధ్యలో చిన్న ప్రశ్నలు పుట్టుకొస్తాయి. శక్తిని ఎలక్ట్రాన్లు మోసుకురావట! మరి ఇంటిదాకా ఎలా వస్తోంది? తీగ చుట్టూ ఉండే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా. ఒక సందేహం తీరుతూనే ఇంకోటి లేవాలి. వారపత్రిక సీరియల్లో 'సశేషం' చేసే పని ఇదే. వీడియోలో ఈ క్లిఫ్‌హ్యాంగర్ ఒక ఘట్టం ముగిసేచోట ఉండాలి, వాక్యం మధ్యలో కాదు.

సిద్ధాంతం బరువెక్కుతున్నప్పుడు ముల్లర్ ఉన్నట్టుండి 1858కి వెళతాడు. అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్, కొన్ని వారాలకే అది మూగబోవడం. ఇది ప్యాటర్న్ బ్రేక్. చాలామంది దీన్ని జూమ్‌లూ చప్పుళ్లూ అనుకుంటారు గానీ, అవి కాసేపటికి అలవాటైపోతాయి. చెప్పే తీరు మారాలి: బొమ్మల నుంచి కథకు, కథ నుంచి ప్రయోగానికి. పైగా కేబుల్ కథ తీసేస్తే జవాబుకు ఒక ఆధారం తగ్గుతుంది. అందుకే అది పక్కదారి అనిపించదు.

పట్టు సడలిన చోటు యూట్యూబ్ స్టూడియోలోని రిటెన్షన్ గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మొదటి 30 సెకన్లలోనే గీత నిట్టనిలువునా పడితే, శీర్షిక ఆశపెట్టిన విషయం మొదట్లో కనబడలేదన్నమాట. మధ్యలో గుంట, జవాబు దగ్గర మిట్ట ఉంటే జనం నడిమి భాగం దాటేసి జవాబు మీదికి దూకుతున్నారు. ఆ భాగానికీ ప్రశ్నకూ లంకె తెగిందని అర్థం.

ఇంతసేపు ఆపినందుకు జవాబు గట్టిగా ఉండాలి. వెలుగు మీటరు దూరం దాటేంత సేపట్లోనే బల్బు వెలుగుతుందన్నాడు ముల్లర్. తొలి క్షణంలో అందే కరెంటు చాలా స్వల్పమనీ, దాన్ని వెలగడం అనలేమనీ ఇంజినీర్లు పట్టుకున్నారు. బల్బుకు ఏ కొంచెం కరెంటు అందినా వెలిగినట్టేనన్న షరతు మీద ఆ జవాబు నిలబడింది. 2022లో ఆయన ఇదే ప్రశ్న మీద, నిజమైన తీగలతో చేసిన ప్రయోగం చూపిస్తూ, మరో వీడియో చేయాల్సి వచ్చింది.