పొద్దున్నే పిడికిలి బిగించలేకపోతున్నారా?

ఒకే ఇంట్లో ఉండే అత్తకు 62 ఏళ్లు, కోడలికి 36 అనుకుందాం. ఇద్దరిదీ ఒకటే మాట: ‘‘పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి.’’ ఇంట్లోవాళ్లు ఇద్దరికీ కలిపి ‘వాతం’ అనేస్తారు. అత్తకు డాక్టరు రాసిన నొప్పి మాత్రే కోడలూ వేసుకుంటుంది. ఇలాంటి ఇళ్లలో నష్టపోయేది చాలాసార్లు కోడలే.

మొదట అడగాల్సింది ఎంత నొప్పి అని కాదు, ఎంతసేపు అని. అత్త లేచి, వేడినీళ్లతో మొహం కడుక్కుని, కాఫీ కలిపేసరికి వేళ్లు వదులవుతాయి. పదిహేను, ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మధ్యాహ్నం టీవీ ముందు కాసేపు కదలకుండా కూర్చుంటే మళ్లీ పట్టేసినట్టుంటుంది, నాలుగుసార్లు ఆడిస్తే పోతుంది. కానీ బట్టలు పిండినా, కూరలు తరిగినా సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. ఇది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలులో ఎముకల చివర ఉండే మృదులాస్థి పలచబడటం.

కోడలి సంగతి వేరు. ఆరింటికి లేస్తే పిల్లల టిఫిన్ డబ్బా మూత తిప్పడానికి ఏడు దాటాలి. అటూ ఇటూ తిరుగుతూ పనిచేసేకొద్దీ చేతులు తేలికపడతాయి. ఒళ్లంతా అలసట, అప్పుడప్పుడూ ఒళ్లు వెచ్చబడటం కూడా ఉండొచ్చు. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ తీరు. ఇందులో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున కీలు లోపలి పొర మీదే దాడి చేస్తుంది. వాపును రేపే రసాయనాలు తెల్లవారుజామున ఎక్కువవుతాయి. వాపును అణిచే కార్టిసాల్ హార్మోను రాత్రి బాగా తగ్గి, తెల్లవారుతుండగా మళ్లీ పెరిగినా, ఆ వాపుకు సరిపోదు. పైగా రాత్రంతా చేతులు కదలకపోవడంతో వాచిన పొరలో నీరు నిలుస్తుంది. అందుకే బాధంతా ఉదయానికే చేరుతుంది.

ఈ సమయాన్ని అంచనాగా చెబితే చాలదు. లేచిన టైము ఒకటి, వేళ్లు ఆ రోజుకు వీలైనంత వదులైన టైము ఒకటి, వారం పాటు క్యాలెండరు మీద రాయండి. చూడాల్సింది నొప్పి పూర్తిగా పోయిన టైము కాదు. నొప్పి రోజంతా ఉండొచ్చు, బిగుతు విడిచిన క్షణమే లెక్క.

తర్వాత చేతిని వెలుతురులో పెట్టి చూడండి. అత్త చేతిలో గోటికి దగ్గరి కణుపులు, కొన్నిసార్లు నడి కణుపులు బుడిపెలు కట్టి ఉంటాయి. నొక్కితే ఎముకే పెరిగినంత గట్టిగా తగులుతాయి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన కూడా నొప్పి ఉంటుంది. కోడలి చేతిలో గోటి దగ్గరి కణుపులు సాధారణంగా బాగానే ఉంటాయి. వాచేది పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపులు, నడి కణుపులు, మణికట్టు. ఆ వాపు మెత్తగా ఉంటుంది. ఎక్కువగా రెండు చేతులకూ వస్తుంది. పిడికిలి కణుపుల వరసను పక్కల నుంచి మెల్లగా నొక్కితే చాలు, చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

రక్తపరీక్ష ఒక్కటే తేల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అత్తకు రుమటాయిడ్ ఫ్యాక్టర్ కొద్దిగా పాజిటివ్ రావచ్చు. ఏ కీళ్లజబ్బూ లేని పెద్దవాళ్లలోనూ అది కనిపిస్తుంది. కోడలికి నెగెటివ్ రావచ్చు, అయినా జబ్బు ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉంటుంది. యాంటీ సీసీపీ పరీక్ష పాజిటివ్ అయితే మరింత నమ్మదగిన ఆధారం. ఏ కాగితాన్నైనా చేతిని చూసి, టైము విని, ఆ తర్వాతే చదవాలి.

ఈ లెక్కకు అందనివీ ఉన్నాయి. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి అచ్చం కోడలి తీరులోనే కీళ్లు పట్టేయవచ్చు కాబట్టి, ఈ మధ్య జ్వరం వచ్చి ఉంటే చెప్పాలి. సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాపు గోటి దగ్గరి కణుపునూ పడుతుంది, అందుకే చర్మం మీద పొలుసులు, గోళ్ల మీద గుంటలు ఉన్నాయేమో చూసుకోవాలి.

నాకు ఎక్కువ భయం వేసేది స్టెరాయిడ్ గురించి. పేరు తెలియని ఇంజెక్షనో పొడో వాడిన రెండో రోజే కోడలి వేళ్లు వదులైపోతాయి. బాధ కనపడదు, జబ్బుకు అసలు మందు పడదు, కీలు అరగడం మాత్రం లోపల సాగుతుంది. అలా అరిగిన ఎముక తిరిగి రాదు. మెథోట్రెక్సేట్ వంటి మందులు తొలి నెలల్లోనే మొదలుపెడితే చాలామందిలో ఆ నష్టాన్ని ఆపగలవు. మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వాడాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

పొద్దుటి బిగుతు అరగంట దాటుతున్నా, పిడికిలి కణుపుల్లో మెత్తటి వాపు కనిపించినా, ఆరు వారాలు నిండేదాకా చూద్దామని ఆగకండి. ఆ క్యాలెండరు కాగితం పట్టుకుని రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి.