'మస్ట్', 'షుడ్', 'మే': స్పెసిఫికేషన్‌లో ఏ మాట ఎక్కడ

ఒక పరికరం గానీ సాఫ్ట్‌వేర్ గానీ ఎలా పనిచేయాలో రాసిపెట్టిన పత్రమే సాంకేతిక స్పెసిఫికేషన్. రాసేది ఒకరు, దాన్ని చదివి వస్తువు తయారుచేసేది వేరొకరు. ఒకే పత్రం చూసి రెండు కంపెనీలు విడివిడిగా చేసిన వస్తువులు చివరకు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలి. అందువల్ల ప్రతి నిబంధన ఎంత గట్టిదో ఆ వాక్యంలోనే తేలిపోవాలి. ఇంగ్లిష్‌లో రాసే స్పెసిఫికేషన్లలో ఆ బరువు మోసేవి 'మస్ట్', 'షుడ్', 'మే' అనే మూడు మాటలు.

ఇంటర్నెట్ ప్రమాణాల్లో వీటి అర్థాన్ని స్థిరపరిచింది 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం. దాని ప్రకారం 'మస్ట్' అంటే తప్పనిసరి. 'షుడ్' అంటే పాటించాల్సిందే, కానీ ప్రత్యేక పరిస్థితుల్లో సరైన కారణం ఉండి, పర్యవసానాలన్నీ తూచి చూసుకున్నాక పక్కన పెట్టవచ్చు. 'మే' అంటే పూర్తిగా ఐచ్ఛికం. పెద్దక్షరాల్లో రాసినప్పుడే ఈ ప్రత్యేక అర్థం వర్తిస్తుందని 2017 మేలో బారీ లైబా రాసిన ఆర్‌ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది. చిన్నక్షరాల్లో ఉంటే అవి మామూలు ఇంగ్లిష్ మాటలే. ఐఎస్‌ఓ ప్రమాణాల పద్ధతి వేరు. అక్కడ తప్పనిసరి నిబంధనకు 'షల్' వాడతారు, 'మస్ట్' వాడరు. ఏ పద్ధతైనా ఫర్వాలేదు గానీ, ఒక పత్రంలో ఒకటే ఉండాలి, అది ఏదో మొదట్లోనే చెప్పాలి.

ఎడిటింగ్ మొదలయ్యేది ఈ మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడంతో. పత్రం మామూలు టెక్స్ట్ ఫైలైతే ఒక్క ఆదేశం చాలు:

```
grep -nwiE 'must|shall|should|may|will|can' spec.txt
```

లైను నంబర్లతో సహా వాక్యాలన్నీ బయటికొస్తాయి. అసలు పని ఆ తర్వాత ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి కరెంటు మీటరు ప్రతి 15 నిమిషాలకు ఒక రీడింగును సర్వరుకు పంపే వ్యవస్థకు స్పెసిఫికేషన్ ముసాయిదా సిద్ధమైందనుకుందాం. అందులో ఐదు వాక్యాలున్నాయి. రీడింగుతో పాటు దాన్ని తీసుకున్న సమయం కూడా పంపాలన్న చోట 'షుడ్' ఉంది. రీడింగు అందినట్టు జవాబు పంపాలన్న చోటా 'షుడ్' ఉంది. 30 సెకన్లలో జవాబు రాకపోతే మీటరు అదే రీడింగు మళ్లీ పంపడానికి 'మే' వాడారు. డిజిటల్ సంతకం సరిపోలని రీడింగును సర్వరు తీసుకోకూడదని చెప్పడానికి 'మే నాట్' అని రాశారు. మీటరు వోల్టేజిని కూడా జతచేయవచ్చన్న చోట మళ్లీ 'మే' ఉంది.

ప్రతి వాక్యాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించాలి. ఒక పక్షం దీన్ని పాటించకపోతే రెండో పక్షం పని ఆగిపోతుందా, లేక ఎవరికైనా హాని జరుగుతుందా? సమయం లేని రీడింగు ఏ గంటకు చెందిందో సర్వరుకు తెలియదు, బిల్లు తప్పుతుంది. కాబట్టి మొదటిది 'మస్ట్' కావాలి. మరి రచయిత 'షుడ్' ఎందుకు రాశాడు? అడిగితే, కరెంటు పోయి వచ్చాక మీటరు గడియారం కాసేపు తప్పు చూపవచ్చు కదా అంటాడు. సాధారణంగా అనవసరమైన 'షుడ్' వెనక ఇలాంటి చెప్పని మినహాయింపు ఒకటి దాగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి రాయడమే సరైన మరమ్మతు: సమయం తప్పనిసరి, గడియారం నమ్మదగ్గ స్థితిలో లేకపోతే ఆ సంగతి తెలిపే గుర్తు జతచేయడమూ తప్పనిసరి. ఒక మెత్తని వాక్యం పోయి, పరీక్షించి చూడదగ్గ రెండు గట్టి వాక్యాలు వచ్చాయి.

రెండో వాక్యంలో లోపం వేరు. రీడింగు అందినట్టు 'జవాబు పంపబడాలి' అని ఉంది గానీ, పంపేది ఎవరు? సర్వరా, మధ్యలో రీడింగులు పోగుచేసే పెట్టెనా? కర్త లేని వాక్యంలో ఏ మాట పెట్టినా ప్రయోజనం లేదు. పెట్టె తయారీదారు అది సర్వరు పని అనుకుంటాడు, సర్వరు రాసేవాళ్లు పెట్టె పని అనుకుంటారు, జవాబు ఎవరూ పంపరు. కర్తగా సర్వరును నిలిపి, జవాబును తప్పనిసరి చేయాలి.

మూడోది చూడటానికి అమాయకంగా ఉంటుంది. పంపితే పంపవచ్చు, లేకపోతే లేదు, ఇందులో చిక్కేముంది అనిపిస్తుంది. కానీ ఒక పక్షానికి ఇచ్చిన 'మే' రెండో పక్షం నెత్తిన 'మస్ట్' అయి కూర్చుంటుంది. మీటరుకు మళ్లీ పంపే స్వేచ్ఛ ఉంటే, జవాబు దారిలో పోయిన ప్రతిసారీ సర్వరుకు ఒకే రీడింగు రెండుసార్లు చేరుతుంది. అలా వచ్చినదాన్ని గుర్తుపట్టి ఒక్కసారే లెక్కలోకి తీసుకోవడం సర్వరుకు తప్పనిసరి అని ఎక్కడా రాయలేదు. రాయకపోతే వినియోగదారుడికి ఒకే కరెంటుకు రెండుసార్లు బిల్లు పడుతుంది. ఐదో వాక్యంలో వోల్టేజి సంగతీ అంతే. కొన్ని మీటర్లు పంపుతాయి, కొన్ని పంపవు. రెండు రకాల రీడింగులనూ స్వీకరించడం సర్వరుకు తప్పనిసరి. ఐచ్ఛిక సదుపాయం లేనిది ఉన్నదానితో కలిసి పనిచేయగలగాలని, ఉన్నది లేనిదానితోనూ పనిచేయాలని ఆర్‌ఎఫ్‌సీ 2119 కూడా చెబుతుంది. అందుకే ఎడిటరు 'మే' కనబడ్డ ప్రతిచోటా అవతలి పక్షం వాక్యం కోసం వెతకాలి. ముసాయిదాల్లో ఎక్కువగా లోపించేది అదే.

నాలుగో వాక్యంలోని 'మే నాట్' అసలు వాడకూడని మాట. తీసుకోకూడదని ఒకరు చదువుతారు, తీసుకోకపోవచ్చులే అని ఇంకొకరు చదువుతారు. సంతకం సరిపోలని రీడింగు విషయంలో ఈ తేడా భద్రతకే ముప్పు. అక్కడ 'మస్ట్ నాట్' తప్ప మరొకటి పనికిరాదు. 'మస్ట్' పెట్టి వెనకే 'వీలైతే' అని చేర్చడం కూడా ఇంతే చేటు. ఆ ఒక్క మాటతో తప్పనిసరి కాస్తా ఎవరిష్టం వారిదైపోతుంది.

ఇన్ని చోట్ల 'మస్ట్' చేశాక అన్నిటినీ అలాగే బిగించాలన్న తొందర కలుగుతుంది. అది తప్పు. కలిసి పనిచేయడానికీ హాని ఆపడానికీ అవసరమైన చోటే, పొదుపుగా వాడమంటుంది ఆర్‌ఎఫ్‌సీ 2119. మీటరు రీడింగులను లోపల ఏ రకం మెమరీలో దాచుకుంటుందో సర్వరుకు అక్కర్లేదు. అది తయారీదారుకే వదిలేయాలి. నిజమైన 'షుడ్'కు కూడా చోటు ఉంది. మళ్లీ పంపే ముందు మీటరు కొంత యాదృచ్ఛిక వ్యవధి ఆగాలన్నది అలాంటిదే. ఒక ప్రాంతమంతా కరెంటు వచ్చిన క్షణంలో మీటర్లన్నీ ఒకేసారి పంపితే సర్వరు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఒకటి రెండు మీటర్లున్న పరీక్షా కేంద్రంలో ఆ జాగ్రత్త లేకపోయినా నష్టం లేదు. 'షుడ్' పెట్టినప్పుడు దాన్ని ఎప్పుడు పక్కన పెట్టవచ్చో, పెడితే ఏమవుతుందో పక్కనే రాయాలి. అలా రాయడానికి ఏమీ దొరకకపోతే అది 'మస్ట్' అయినా కావాలి, 'మే' అయినా కావాలి.

చివరి వడపోతలో రెండు పనులుంటాయి. ఒకే నిబంధన రెండు అధ్యాయాల్లో రెండు రకాల బలంతో ఉందేమో చూసి, ఒకచోటే ఉంచి, రెండోచోట దాని విభాగం సంఖ్య చూపాలి. వివరణల్లోనూ ఉదాహరణల్లోనూ దొర్లిన చిన్నక్షరాల 'మస్ట్', 'షుడ్' మాటలను వేరే పదాలతో మార్చాలి. లేదంటే అది నిబంధనా, వివరణా అన్న అనుమానం పాఠకుడికి మిగిలిపోతుంది.

ఇవన్నీ ఎడిటరు ఒంటరిగా తేల్చేవి కావు. కామా మార్చడం, 'షుడ్'ను 'మస్ట్' చేయడం ఒకటి కాదు. పత్రం ఇప్పటికే అమల్లో ఉంటే, నిన్నటిదాకా నిబంధనలకు లోబడి ఉన్న మీటరు ఈ ఒక్క మార్పుతో రేపు లోబడనిదైపోతుంది. కాబట్టి ప్రతి మార్పునూ పాత వాక్యం, కొత్త వాక్యం, కారణం రాసి రచయితల బృందం ముందు పెట్టాలి. ముసాయిదా దశలో వాళ్లు ఒప్పుకుంటే అక్కడే సరిదిద్దవచ్చు. ప్రచురించాక అయితే కొత్త వెర్షన్ సంఖ్య ఇచ్చి, పాత మీటర్ల మీద దాని ప్రభావం ఏమిటో అందులోనే చెప్పాలి.